హోస్టింగ్ మారాక డొమైన్ ఎందుకు దొరకదు? డీఎన్‌ఎస్‌లో పాత నకళ్ల లెక్క

రాజమండ్రిలో మా బావమరిదికి చీరల దుకాణం ఉంది. దానికో వెబ్‌సైట్ కూడా ఉంది. ఒక శుక్రవారం రాత్రి పది గంటలకు ఆ సైటును పాత హోస్టింగ్ కంపెనీ నుంచి కొత్తదానికి మార్చాడు. ఫైళ్లన్నీ ముందే ఎక్కించేశాడు. డొమైన్ కొన్న చోట ప్యానెల్ తెరిచి నేమ్‌సర్వర్ల పేర్లు మార్చాడు. పాత ప్లాన్ రెన్యువల్ దగ్గర పడుతోందని అదే ఊపులో దాన్ని రద్దు చేసేశాడు.

శనివారం పొద్దున్నే ఫోన్. "బావా, సైటు పోయింది. షాపు వైఫైలో ఓపెన్ అవట్లేదు, ఫోన్లో డేటా మీదైతే వస్తోంది. బెంగళూరు కస్టమర్‌కి బాగానే వస్తోందట, వైజాగ్‌లో పెద్దమ్మ వాళ్ళకి రావట్లేదట. రాత్రి ఒకావిడైతే 'అకౌంట్ సస్పెండెడ్' అని స్క్రీన్‌షాట్ పంపింది." కొత్త హోస్టింగ్ వాళ్ళను అడిగితే, డీఎన్‌ఎస్ ప్రాపగేషన్ నడుస్తోంది, 24 నుంచి 48 గంటలు ఆగండి అన్నారట. పండగ సీజన్లో రెండు రోజులు ఆగమంటే ఎవరికైనా టెన్షనే.

ఒకే సైటు, కొన్ని గంటల తేడాలో, ముగ్గురికి మూడు రకాలుగా కనిపించింది. ఇది మాయ కాదు, నెట్ బాగాలేక జరిగిందీ కాదు. ఎవరి దగ్గర ఏ పాత నకలు ఎంతసేపు మిగిలి ఉందో తెలిస్తే, ఆ మూడింటికీ నిమిషాలతో సహా లెక్క చెప్పవచ్చు. దుకాణం అసలు పేరు బదులు ఇక్కడ example.com అని రాస్తున్నాను.

## ఎవరు ఎవరిని అడుగుతారు

కంప్యూటర్లు ఒకదాన్నొకటి చేరుకునేది ఐపీ అడ్రసుతో, అంటే 203.0.113.25 లాంటి అంకెలతో. మనం టైప్ చేసేది పేరు. పేరు ఇస్తే అంకెలు చెప్పే వ్యవస్థే డీఎన్‌ఎస్. దాని నియమాలు 1987లో ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035 అనే పత్రాలుగా వచ్చాయి. ఈనాటికీ పునాది అవే.

మన ఫోనుగానీ కంప్యూటరుగానీ ఈ వెతుకులాటను స్వయంగా చేయదు. ఆ పని రిజాల్వర్ అనే సర్వర్‌కు అప్పగిస్తుంది. మామూలుగా అది మన ఇంటర్నెట్ కంపెనీ నడిపే సర్వర్. కొందరు గూగుల్ వారి 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 పెట్టుకుంటారు. రిజాల్వర్‌కు మొదట్లో ఏమీ తెలియదు. అది ముందు రూట్ సర్వర్‌ను అడుగుతుంది. రూట్ సర్వర్ ".com సంగతి ఫలానా వాళ్ళకు తెలుసు" అంటుంది. అక్కడికి వెళ్తే .com సర్వర్ "example.com జవాబులు ఫలానా నేమ్‌సర్వర్ల దగ్గరుంటాయి" అని రెండు పేర్లు ఇస్తుంది. ఇవే NS రికార్డులు. చివరికి ఆ నేమ్‌సర్వర్‌ను అడిగితే అసలు అంకెలు దొరుకుతాయి. అది A రికార్డు.

అంటే మన డొమైన్ గురించి రెండు వేర్వేరు సంగతులు రెండు వేర్వేరు చోట్ల రాసి ఉంటాయి. "ఎవరిని అడగాలి" అన్నది .com పేర్లన్నిటి పట్టీ నడిపే రిజిస్ట్రీ దగ్గర ఉంటుంది. "అడ్రసు ఏమిటి" అన్నది మన నేమ్‌సర్వర్ దగ్గర ఉంటుంది. మా బావమరిది శుక్రవారం రాత్రి మార్చింది మొదటిదాన్ని. కథంతా ఈ తేడాలోనే ఉంది.

## నకలు, దాని గడువు

ప్రతి క్లిక్‌కూ ఇంత తిరుగుడు తిరగలేరు కాబట్టి రిజాల్వర్ ఒకసారి తెలుసుకున్న ప్రతి జవాబునూ దాచుకుంటుంది. ఆ దాచుకున్న చోటే క్యాషే. బస్టాండులో బోర్డు మీది టైమ్‌టేబుల్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకున్నట్టు అనుకోండి. రేపు డిపో వాళ్ళు బోర్డు మార్చినా మీ ఫోన్లో ఫొటో మారదు. మీరు మళ్ళీ బస్టాండుకు వెళ్లి చూసేదాకా మీకు పాత టైమే నిజం.

డీఎన్‌ఎస్‌లో బోర్డు పెట్టినవాళ్ళే ఫొటోకు గడువు కూడా రాసిపెడతారు. దాని పేరు టీటీఎల్, లెక్క సెకన్లలో. 14400 అని ఉంటే నాలుగు గంటలు నమ్మవచ్చు, ఆ తర్వాత మళ్ళీ వచ్చి చూడాలి అని అర్థం. ఈ గడువు నకలు తీసుకున్న క్షణం నుంచి మొదలవుతుంది. మనం రికార్డు మార్చిన క్షణానికీ దానికీ సంబంధం లేదు. మార్చడానికి ఐదు నిమిషాల ముందు ఒక రిజాల్వర్ నకలు తీసుకుని ఉంటే, దాదాపు నాలుగు గంటలూ అది పాత జవాబే చెబుతుంది. పది నిమిషాల తర్వాత మొదటిసారి అడిగిన ఇంకో రిజాల్వర్‌కు నేరుగా కొత్తదే దొరుకుతుంది.

అందుకే "ప్రాపగేషన్", అంటే వ్యాపించడం, అనే మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. కొత్త రికార్డు మన సర్వర్ నుంచి బయల్దేరి, అమెరికా దాటి, ఢిల్లీ దాటి రాజమండ్రి చేరుతోందని ఊహిస్తాం. నిజానికి ఏదీ ఎక్కడికీ బయల్దేరదు. ప్రపంచంలో ఒక్కో చోట ఒక్కో పాత నకలు గడువు తీరి రాలిపోతుంది. అక్కడ ఎవరో మళ్ళీ అడిగినప్పుడు కొత్త జవాబు వస్తుంది. దూరానికి ఇందులో ఏ పాత్రా లేదు. సింగపూర్‌లో ముందు కనిపించి పక్కవీధిలో ఆలస్యంగా కనిపించడం మామూలే.

## ఆ శనివారం ఉదయం లెక్క

పాత కంపెనీ దగ్గర డొమైన్ రికార్డుల పట్టీని, అంటే జోన్‌ను చూస్తే A రికార్డు టీటీఎల్ 14400, NS రికార్డుల టీటీఎల్ 86400. అంటే అడ్రసు నకలు నాలుగు గంటలు, "ఎవరిని అడగాలి" అన్న నకలు ఒక రోజు. చాలా హోస్టింగ్ ప్యానెళ్లలో మొదట్నుంచీ ఉండే అంకెలే ఇవి. ప్లాన్ రద్దు కాగానే పాత కంపెనీ రాత్రి 11 కల్లా ఆ జోన్‌ను తీసేసింది.

ముందు అర్ధరాత్రి స్క్రీన్‌షాట్ పంపిన కస్టమర్ సంగతి చూద్దాం. ఆవిడ వాడే రిజాల్వర్ A రికార్డును రాత్రి 9:30కు తెచ్చుకుంది అనుకుంటే, అది 1:30 దాకా చెల్లుతుంది. కాబట్టి ఆవిడ బ్రౌజర్ పాత ఐపీకి వెళ్లింది. సర్వర్ ఉంది, సైటు లేదు. అక్కడ కంపెనీ వాళ్ళ సస్పెండెడ్ పేజీ కనిపించింది. ఇక్కడ పేరు దొరికింది, దొరికిన అడ్రసు పాతది.

బెంగళూరు కస్టమర్ రిజాల్వర్ దగ్గర ఏ నకలూ లేదు. అది శనివారం పొద్దున .com దగ్గరకు వెళ్లి కొత్త నేమ్‌సర్వర్ల పేర్లు తీసుకుని, కొత్త ఐపీ పట్టుకొచ్చింది. బావమరిది ఫోన్ డేటా మీద జరిగిందీ ఇదే.

అసలు చిక్కు దుకాణంలో. అక్కడి బ్రాడ్‌బ్యాండ్ రిజాల్వర్ శుక్రవారం సాయంత్రం ఆరింటికి సైటును చూసింది. అప్పుడు తీసుకున్న A నకలు రాత్రి పదికే చచ్చిపోయింది. NS నకలు మాత్రం శనివారం సాయంత్రం ఆరుదాకా బతికే ఉంటుంది. శనివారం తొమ్మిదింటికి షట్టర్ తీసి సైటు తెరిచాడు. రిజాల్వర్ దగ్గర అడ్రసు లేదు కాబట్టి మళ్ళీ అడగాలి. ఎవరిని? దాని దగ్గరున్న NS నకలు పాత నేమ్‌సర్వర్లను చూపిస్తోంది. అక్కడికి వెళ్లి అడిగితే ఆ సర్వర్లు "ఈ డొమైన్ మా దగ్గర లేదు" అని తిప్పి పంపాయి. దాంతో రిజాల్వర్ చేతులెత్తేసింది. ఆ జవాబు పేరు SERVFAIL. బ్రౌజర్ మాత్రం మామూలుగా సైటు దొరకలేదు అని ఊరుకుంటుంది.

ఇది సరిగ్గా చూడాల్సిన చోటు. పాత అడ్రసు నకలు మిగిలి ఉంటే పాత సైటు కనిపిస్తుంది. అడ్రసు నకలు పోయి, పాత నేమ్‌సర్వర్ పేరు మాత్రం మిగిలితే, ఆ నేమ్‌సర్వర్ నోరు మూసుకుంటే, పేరే దొరకదు. మారిన తర్వాత "సైటే లేదు" అనే ఫిర్యాదులకు ఇది చాలా తరచుగా కనిపించే కారణం. దీన్ని చేసింది ప్రాపగేషన్ కాదు. పాత జోన్ తీసేయడం.

నేను ఊహతో చెప్పడం లేదు. దుకాణం కంప్యూటర్లో పదింటికి, డీఎన్‌ఎస్ జవాబులను చూపించే dig అనే ఈ కమాండ్ కొట్టించాను:

```
$ dig example.com NS +noall +answer
example.com.  28800  IN  NS  ns1.old-host.example.
example.com.  28800  IN  NS  ns2.old-host.example.
```

మధ్యలో కనిపించే 28800 మిగిలిన గడువు. అంటే ఎనిమిది గంటలు. పదికి ఎనిమిది కలిపితే సాయంత్రం ఆరు. తర్వాత నకళ్లతో సంబంధం లేకుండా .com సర్వర్‌నూ, కొత్త నేమ్‌సర్వర్‌నూ నేరుగా అడిగాం:

```
$ dig @a.gtld-servers.net example.com NS +norecurse
$ dig @ns1.new-host.example example.com A +short
203.0.113.25
```

మొదటిదానికి కొత్త నేమ్‌సర్వర్ల పేర్లు వచ్చాయి. రెండోదానికి కొత్త ఐపీ వచ్చింది. అంటే రిజిస్ట్రీ దగ్గర రాత సరిగ్గానే ఉంది, కొత్త జోన్ సరిగ్గానే ఉంది, తప్పు నకలులోనే ఉంది. ఈ మూడు చోట్లా విడివిడిగా అడగకుండా "వస్తోందా రావట్లేదా" అని చూస్తూ కూర్చుంటే ఏమీ తేలదు. మొదటిదే పాత పేర్లు చూపిస్తే, డొమైన్ అమ్మిన కంపెనీ, అంటే రిజిస్ట్రార్ దగ్గర మార్పు ఎక్కలేదన్నమాట. రెండోది ఖాళీగా వస్తే కొత్త జోన్లో రికార్డే లేదు. ఆ రెండు సందర్భాల్లోనూ వారం రోజులు ఆగినా లాభం ఉండదు.

ఈలోగా బావమరిది `ipconfig /flushdns` పదిసార్లు కొట్టాడు. అది తుడిచేది విండోస్ తన కోసం దాచుకున్న నకలును మాత్రమే. నకళ్లు బ్రౌజర్లో ఒకటి, కంప్యూటర్లో ఒకటి, కొన్నిసార్లు వైఫై రౌటర్లో ఒకటి, చివరగా ఇంటర్నెట్ కంపెనీ రిజాల్వర్‌లో ఒకటి ఉంటాయి. మన చేతికి అందేవి మొదటి మూడే. అడ్డం పడ్డది నాలుగోది. గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ మాత్రం తమ రిజాల్వర్లలో ఒక డొమైన్ నకలును తుడిచేయమని అడగడానికి వెబ్‌పేజీలు పెట్టాయి. ఇంటర్నెట్ కంపెనీలు మామూలుగా ఆ వీలు ఇవ్వవు.

## 48 గంటలు ఎక్కడి నుంచి వచ్చాయి

సపోర్ట్ వాళ్ళు చెప్పే ఆ అంకె గాల్లోంచి పుట్టలేదు. .com సర్వర్లు ఇచ్చే NS జవాబుల మీద టీటీఎల్ 172800 అని ఉంటుంది. అది సరిగ్గా రెండు రోజులు. అది మన ప్యానెల్లో ఉండదు, దాన్ని మనం తగ్గించలేం. .com డొమైన్లన్నిటికీ రిజిస్ట్రీ పెట్టిన అంకె అది.

ఇక్కడ చిన్న మెలిక ఉంది. NS జాబితా రెండు చోట్ల ఉంటుంది: .com దగ్గర రెండు రోజుల గడువుతో, మన సొంత జోన్లో మనం పెట్టిన గడువుతో. రిజాల్వర్ సాఫ్ట్‌వేర్‌ను బట్టి, అది చూసిన జవాబులను బట్టి, ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి నిలుస్తుంది. దుకాణం రిజాల్వర్ సొంత జోన్లోని ఒక రోజు నకలును పట్టుకుంది. వైజాగ్‌లో పెద్దమ్మ వాళ్ళ రిజాల్వర్ .com ఇచ్చిన రెండు రోజుల నకలును పట్టుకుని ఉంటే, వాళ్ళకు ఆదివారం దాకా సైటు దొరకదు. పాత నేమ్‌సర్వర్లన్నీ విఫలమైతే మళ్ళీ .com దగ్గరకు వెళ్లి అడిగే తెలివైన రిజాల్వర్లూ ఉన్నాయి. వాటిని వాడేవాళ్ళకు అసలు తేడాయే తెలియదు.

కాబట్టి నేమ్‌సర్వర్లు మార్చిన .com డొమైన్‌కు 48 గంటలు అనేది న్యాయమైన గరిష్ఠ పరిమితి. నేమ్‌సర్వర్లు అవే ఉండి A రికార్డు ఒక్కటే మార్చినవాళ్ళకు ఆ అంకె వర్తించదు. వాళ్ళ గడువు వాళ్ళ A రికార్డు టీటీఎలే. రెండు సందర్భాలకూ ఒకే వాక్యం చెప్పి పంపడం వల్లే ఇంత అయోమయం.

## "లేదు" అన్న జవాబుకూ నకలుంటుంది

శనివారం పదకొండింటికి ఇంకో సమస్య బయటపడింది. ఆర్డర్లు తీసుకునే పేజీ orders.example.com అనే పేరు మీద ఉండేది. పాత జోన్లో ఆ పేరుకు రికార్డు ఉంది, కొత్త జోన్లో పెట్టడం మరిచిపోయాడు. ఫోన్ డేటా మీద తెరిస్తే `DNS_PROBE_FINISHED_NXDOMAIN` అని వచ్చింది. NXDOMAIN అంటే "అలాంటి పేరే లేదు" అని నేమ్‌సర్వర్ స్పష్టంగా చెప్పడం. పొద్దున చూసిన SERVFAIL "నాకు జవాబు దొరకలేదు" అనే సందేశం. రెండూ వేరు. మొదటిది జోన్లో రాతలోపం, రెండోది దారి తెగిపోవడం.

పదకొండున్నరకు రికార్డు చేర్చాడు. అయినా అతని ఫోన్లో రాలేదు. ఎందుకంటే పదకొండింటికి వచ్చిన "లేదు" కూడా రిజాల్వర్‌లో నకలుగా నిలిచిపోయింది. దీనికి నియమం 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2308లో ఉంది. ప్రతి జోన్‌కూ SOA అనే ఒక మొదటి రికార్డు ఉంటుంది. ఆ రికార్డు టీటీఎల్, దాని చివరి అంకె, ఈ రెండింటిలో ఏది చిన్నదైతే అంతసేపు "లేదు" అన్న జవాబును దాచుకోవచ్చు.

```
example.com. 3600 IN SOA ns1.new-host.example. admin.example.com. 7 3600 1800 1209600 86400
```

ఇక్కడ 3600, 86400లలో చిన్నది 3600. కాబట్టి పదకొండింటి "లేదు" పన్నెండుదాకా బతుకుతుంది. సరిగ్గా పన్నెండు దాటాక పేజీ తెరుచుకుంది. ఈ మొదటి అంకె కూడా 86400 అయ్యుంటే లెక్క ప్రకారం మర్నాడు పదకొండు దాకా ఆగాలి. అయితే చాలా రిజాల్వర్లు "లేదు" జవాబులను అంతసేపు ఉంచుకోవు. బాగా వాడుకలో ఉన్న బైండ్ అనే సాఫ్ట్‌వేర్ మనం ఏమీ మార్చకపోతే మూడు గంటలకే వాటిని వదిలేస్తుంది.

మళ్ళీ మళ్ళీ తెరిచి చూస్తే గడువు మొదటి నుంచి మొదలవుతుందేమోనని కొందరు భయపడతారు. అలా జరగదు. నకలు ఉన్నంతసేపు రిజాల్వర్ దాన్నే చూపిస్తుంది, గడియారం తగ్గుతూనే ఉంటుంది. నష్టం చేసేది మొదటి చూపు ఒక్కటే. రికార్డు పెట్టకముందే "వచ్చిందా" అని చూడటం వల్ల మనమే ఒక "లేదు"ను తెచ్చి రిజాల్వర్‌లో పెట్టినవాళ్ళమవుతాం.

## ఆగితే పోయేవి, ఆగినా పోనివి

పాత నకలైతే గడువు తీరాక పోతుంది. కొన్ని లోపాలు అచ్చం పాత నకలులాగే కనిపిస్తాయి గానీ ఎంత ఆగినా పోవు. వాటిలో బాగా ఇబ్బంది పెట్టేది డీఎన్‌ఎస్‌సెక్. ఇది జవాబులకు సంతకం చేసే పద్ధతి. నేమ్‌సర్వర్ జవాబు మీద సంతకం పెడుతుంది, ఆ సంతకాన్ని సరిచూసుకునే ఆనవాలు DS రికార్డు పేరుతో .com దగ్గర ఉంటుంది. పాత కంపెనీ దగ్గర దీన్ని ఆన్ చేసి ఉంచి, DS రికార్డును తీయకుండా కొత్త నేమ్‌సర్వర్లకు మారితే, కొత్త జవాబులు ఆ ఆనవాలుకు సరిపోవు. సంతకాన్ని సరిచూసే రిజాల్వర్లు దాన్ని దొంగ జవాబుగా భావించి SERVFAIL ఇస్తాయి. 8.8.8.8, 1.1.1.1 రెండూ సరిచూసేవే. సరిచూడని రిజాల్వర్ వాడే ఇంట్లో సైటు చక్కగా వస్తుంది. అక్కడ వచ్చింది, ఇక్కడ రాలేదు కాబట్టి ఇదీ ప్రాపగేషనే అనుకుంటారు.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. `dig @8.8.8.8 example.com` అంటే SERVFAIL వచ్చి, అదే కమాండ్ చివర `+cd` చేరిస్తే జవాబు వస్తే, అడ్డం సంతకమే. ఆ `+cd` "సరిచూడకుండా ఇవ్వు" అని చెబుతుంది.

ఇందులో నకళ్ల ప్రభావం ఎంతుంటుందో 2021 సెప్టెంబర్ 30న స్లాక్ సంస్థకు తెలిసొచ్చింది. slack.comకు డీఎన్‌ఎస్‌సెక్ పెట్టబోయి, తేడా కనిపించగానే వెనక్కి తీసుకున్నారు. కానీ .com ఇచ్చే DS రికార్డు టీటీఎల్ ఒక రోజు. అప్పటికే ఆ నకలు తీసుకున్న రిజాల్వర్లు సంతకం కోసం చూస్తూనే ఉన్నాయి, సంతకం లేదు. వాటిని వాడే వాళ్ళకు స్లాక్ తెరుచుకోలేదు. పెద్ద రిజాల్వర్ల నిర్వాహకులను నకలు తుడవమని అడగాల్సి వచ్చింది. అనుభవజ్ఞులైన ఇంజనీర్లున్న చోటే ఇలా జరిగిందంటే, తప్పును సరిదిద్దిన తర్వాత కూడా నకలు ఎంత గట్టిగా పట్టుకుంటుందో అర్థమవుతుంది.

ఆగినా పోని ఇంకొకటి AAAA రికార్డు. ఇది ఐపీవీ6 అడ్రసు. A మార్చి, AAAAను పాత సర్వర్ మీదే వదిలేస్తే, ఐపీవీ6 ఉన్న నెట్‌వర్క్‌లవాళ్ళు పాత చోటికే వెళ్తుంటారు. జియో మొబైల్ డేటాలో ఐపీవీ6 వాడకం చాలా ఎక్కువ. "వైఫైలో వస్తోంది, జియోలో రావట్లేదు" అని వినగానే నేను మొదట చూసేది ఇదే.

## ప్రాపగేషన్ అనే మాట మీద వాదన

నెట్‌వర్క్ ఇంజనీర్లలో ఒక వర్గం ఈ మాటనే ఒప్పుకోదు. నకళ్ల గడువు తీరడాన్ని వ్యాపించడం అనడం తప్పు, ఆ మాట వల్లే జనం కారణం వెతక్కుండా ఎదురుచూస్తున్నారు అంటారు. సపోర్ట్ డెస్కుల్లో కూర్చున్నవాళ్ళ వాదన వేరు. ఫోన్ చేసిన వ్యాపారికి టీటీఎల్ గురించి పాఠం చెప్పే సమయం ఉండదు, "ఒక్కోచోట ఒక్కోసారి మారుతుంది, ఆగండి" అనేది ఎక్కువసార్లు నిజమే అవుతుంది అంటారు. నిజంగా వ్యాపించేది కూడా కొంత ఉంది. ఒక డొమైన్‌కు రెండు మూడు నేమ్‌సర్వర్లు ఉంటాయి, మార్పు వాటన్నిటికీ చేరాలి. రిజిస్ట్రార్ దగ్గర మార్చింది రిజిస్ట్రీకి చేరి .com సర్వర్లలో కనిపించాలి. ఇవి మామూలుగా నిమిషాల పని. నాకు మాత్రం ఇంజనీర్ల మాటే సబబుగా తోస్తుంది. బావమరిది విషయంలో "ఆగండి" అనడం వల్ల, పది నిమిషాల్లో సరిచేయగలిగిన సంగతి ఎవరికీ తట్టలేదు.

టీటీఎల్ ఎంత పెట్టాలన్నది ఇంకో వాదన. ఎప్పుడూ 300 సెకన్లే ఉంచితే ఏ మార్పైనా ఐదు నిమిషాల్లో అందరికీ తెలుస్తుంది అని కొందరంటారు. దానికి మూల్యమూ ఉంది. 2016 అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద పెద్ద దాడి జరిగి, దాని నేమ్‌సర్వర్లు జవాబు ఇవ్వలేకపోయాయి. అలాంటి వేళ చిన్న గడువున్న పేర్లు త్వరగా మాయమవుతాయి, పొడవైన గడువున్నవి నకళ్ల మీద కొన్ని గంటలు నడుస్తాయి. ఈ ఇబ్బందిని తగ్గించడానికే, నేమ్‌సర్వర్ అందకపోతే గడువు తీరిన నకలును కూడా కొంతసేపు వాడుకోవచ్చని 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8767 చెప్పింది. దానివల్ల టీటీఎల్ తీరాక కూడా ఎక్కడో ఒకచోట పాత అడ్రసు కనిపించవచ్చు.

మారే ముందు మాత్రం టీటీఎల్ తగ్గించడం మంచిదని అందరూ ఒప్పుకుంటారు. దానికీ ఒక లెక్క ఉంది. A రికార్డు 14400 మీద ఉంటే, శుక్రవారం రాత్రి పదికి మారాలనుకున్నవాళ్ళు సాయంత్రం ఆరులోపే దాన్ని 300 చేయాలి. ఆరు తర్వాత తగ్గిస్తే, అప్పటికే నాలుగు గంటల నకలు తీసుకున్నవాళ్ళకు ఆ తగ్గింపు తెలియదు. ఇంత చేసినా .com దగ్గరి రెండు రోజుల NS గడువు అలాగే ఉంటుంది.

## పాత నేమ్‌సర్వర్ నోరు తెరిచాక

ఆ రెండు రోజుల గడువును మనం తగ్గించలేం. కానీ దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేకుండా చేయవచ్చు. పాత నేమ్‌సర్వర్ల దగ్గరకు ఇంకా జనం వస్తారని తెలుసు కాబట్టి, అక్కడ కూడా కొత్త అడ్రసే రాసిపెడితే సరి. ఎవరు ఏ నేమ్‌సర్వర్‌ను అడిగినా ఒకే జవాబు. పాత హోస్టింగ్‌ను కనీసం మూడు నాలుగు రోజులు ఉంచమని అనుభవం ఉన్నవాళ్ళు చెప్పేది ఇందుకే.

ఉదయం పదిన్నరకు బావమరిది చేత పాత కంపెనీకి ఫోన్ చేయించాను. సైటు అక్కర్లేదు, డీఎన్‌ఎస్ జోన్ ఒక్కటి వారం పాటు తిరిగి పెట్టండి అని అడిగాడు. ఒంటిగంటకు పెట్టారు. A రికార్డును 203.0.113.25 చేశాం, orders పేరునూ చేర్చాం. ఆర్డర్ మెయిళ్లు పోకుండా MX రికార్డును కొత్త జోన్లో ఉన్నట్టే పెట్టాం. ఇంకో పని కూడా చేశాం, దీన్ని చాలామంది మరిచిపోతారు. పాత జోన్లోని NS రికార్డుల్లో పాత నేమ్‌సర్వర్ల పేర్లు తీసి కొత్తవి రాశాం. అలా చేయకపోతే పాత సర్వర్ ప్రతి జవాబుతోనూ "నన్నే అడగండి" అని చెబుతుంది. కొన్ని రిజాల్వర్లు దాన్ని నమ్మి, గడువు తీరేలోపే పాత పేర్ల నకలును మళ్ళీ కొత్తగా నింపుకుంటాయి. అవి ఆ వలయంలోంచి బయటకు రావడం కష్టం.

ఒంటిగంట ఇరవైకి దుకాణం వైఫైలో సైటు తెరుచుకుంది. ఇంకో పది నిమిషాల్లో వైజాగ్ నుంచి పెద్దమ్మ గారి అబ్బాయి కూడా వచ్చిందని మెసేజ్ పెట్టాడు. వాళ్ళ దగ్గరున్న NS నకళ్లేవీ ఇంకా మారలేదు, అవి చూపించే పాత సర్వర్లు ఇప్పుడు సరైన జవాబు చెబుతున్నాయి, అంతే. దుకాణంలో అప్పుడు dig కొడితే ఇంకా పాత నేమ్‌సర్వర్ల పేర్లే కనిపించాయి, పక్కన మిగిలిన గడువు పదహారు వేల సెకన్లకు కాస్త ఎక్కువ. సాయంత్రం ఆరు దాటాక అదే కమాండ్ మళ్ళీ కొట్టాడు. ఈసారి కొత్త పేర్లు వచ్చాయి.